ఒకే నెట్ లైను, నాలుగు గదులు: గదికో పాస్‌వర్డ్, అందరికీ సమానంగా స్పీడు ఎలా?

మేడగది:
అందరికీ నమస్కారం. ఒక ఇంట్లో నాలుగు గదులు, అయిదుగురం అద్దెకుంటున్నాం. మూడు గదుల్లో ఒక్కొక్కరు, నాలుగో గదిలో ఇద్దరు. ఇల్లంతటికీ ఒకటే ఫైబర్ లైను, డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20. బిల్లు అందరం పంచుకుంటాం. రౌటర్ హాల్లో ఉంది. వైఫై పేరు ఒకటే, పాస్‌వర్డూ ఒకటే.

ఇబ్బంది రెండు విధాలుగా ఉంది. ఖాళీ చేసి వెళ్లినవాళ్లకీ, వాళ్ల స్నేహితులకీ పాస్‌వర్డ్ తెలుసు. మార్చాలంటే అందరి ఫోన్లలో, టీవీలో, ప్రింటర్లో మళ్లీ కొట్టుకోవాలి కాబట్టి ఎవరూ ఒప్పుకోరు. ఇక రాత్రి ఎనిమిది దాటితే నా ఆఫీసు వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వస్తుంది. అదే టైముకి స్పీడ్ టెస్ట్ పెడితే 60 చూపిస్తుంది! 60 ఉండి కూడా కాల్ ఎందుకు తెగుతోంది? గదికి 25 చొప్పున కట్ చేసేస్తే గొడవ వదులుతుందా?

గేమర్_నాని:
వదులుతుంది అన్నా. రౌటర్ పేజీలో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అని ఉంటుంది చూడండి. ఒక్కో ఫోన్ మ్యాక్ అడ్రస్, అంటే వైఫైకి అది చెప్పే గుర్తింపు నంబరు, ఎక్కించి, ఒక్కోదానికి లిమిట్ పెట్టేయండి. మా రూమ్‌లో అదే చేశాం. పాస్‌వర్డ్ కోసమైతే గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేస్తే చాలు.

సుధ_పి:
ఇంత తలనొప్పి ఎందుకండీ, 300 ప్లాన్ తీసుకోండి. అయిదుగురు పంచుకుంటే పెద్ద తేడా పడదు. వందలో అయిదుగురు అంటే మరీ ఇరుకు.

వైర్‌మాన్:
ప్లాన్ మార్చేముందు ఒక పరీక్ష చేయండి మేడగది గారూ. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలపండి, వైఫై ఆపేయండి. ఒక విండోలో ఇది నడపండి. విండోస్‌లో చివర `-t` పెడితే ఆగకుండా నడుస్తుంది:

```
ping 1.1.1.1
```

ఎవరూ వాడనప్పుడు ఎన్ని మిల్లీసెకన్లు వస్తున్నాయో రాసుకోండి. తర్వాత ఏదైనా పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టి చూడండి. అది ఆపి, ఒక పెద్ద వీడియోని క్లౌడ్‌కి అప్‌లోడ్ పెట్టి మళ్లీ చూడండి. మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి. కేబుల్ మీద చేయమనడానికి కారణం ఉంది. వైఫైలో చేస్తే లోపం లైనుదో, గోడలదో తేలదు.

మేడగది:
చేశాను. ఖాళీగా ఉన్నప్పుడు 8 నుంచి 10. డౌన్‌లోడ్ పెడితే 90 దాకా పోయింది. అప్‌లోడ్ పెట్టగానే 600, 700, మధ్యలో రెండుసార్లు టైమ్ అవుట్! ఇది చూశాక తెలిసింది, కింది గదిలో తమ్ముడి ఫోన్ రోజూ ఎనిమిదింటికి ఫోటోలు బ్యాకప్ తీసుకుంటుందట.

వైర్‌మాన్:
దొరికింది. మీ కాల్‌ని తెంపుతున్నది అప్‌లోడ్. ఫోన్ ఫోటోలు పంపేటప్పుడు 20 నిండిపోతుంది. పంపలేక మిగిలినదాన్ని రౌటర్ పారేయకుండా లోపల వరుసలో పోగేస్తుంది. మీ కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ వచ్చి ఆ వరుస చివర నిలబడుతుంది. దాని వంతు వచ్చేసరికి అర సెకను దాటిపోతుంది. స్పీడ్ టెస్ట్ ఎంత సరుకు వెళ్లిందో చెబుతుంది తప్ప, ఎంత ఆలస్యంగా వెళ్లిందో మామూలుగా చూపదు. అందుకే మీకు 60 కనిపించినా కాల్ తెగుతోంది.

సుధ గారు చెప్పినట్టు 300 తీసుకున్నా, అప్‌లోడ్ నిండినంతసేపూ ఇదే జరుగుతుంది. బ్యాకప్ కాస్త త్వరగా ముగుస్తుంది, అంతే తేడా.

నాని గారి పద్ధతిలో సగం నిజం ఉంది. గీత గీయాలన్నది సరైనదే. కానీ గదికి 25 అని డౌన్‌లోడ్‌కి గీత పెడితే అప్‌లోడ్ వరుస అలాగే ఉంటుంది. పైగా మధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే ఉంటే, మిగతా 75 ఖాళీగా పడి ఉన్నా వాళ్లకి 25 మించి రాదు. మ్యాక్ అడ్రస్ సంగతికొస్తే, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ చెప్పడం మానేశాయి. ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ తయారుచేసుకుంటాయి. నెట్‌వర్క్‌ని మర్చిపోయి మళ్లీ కలిపితే అది మారిపోవచ్చు. లిమిట్ తప్పించుకోవాలనుకున్నవాడికి రెండు నిమిషాల పని.

గేమర్_నాని:
మ్యాక్ సంగతి ఒప్పుకుంటాను అన్నా. కానీ మా దగ్గర లిమిట్ పెట్టాక పింగ్ నిజంగానే తగ్గింది. అది అబద్ధం కాదు కదా?

వైర్‌మాన్:
అబద్ధం కాదు నాని. మీరు అప్‌లోడ్‌కి కూడా లిమిట్ పెట్టి ఉంటారు. అన్ని లిమిట్లూ కలిపినా లైను నిండకపోతే వరుసే పేరుకోదు, పింగ్ తగ్గుతుంది. కాకపోతే మిగిలిన స్పీడు ఎవరికీ ఉపయోగపడదు. ఉన్న లైను అంతా వాడుకుంటూనే వరుస పేరుకోకుండా చూసే పద్ధతి ఉంది, దాని గురించి రాస్తాను.

ఇంటిఓనర్:
నేను మూడు పోర్షన్లు అద్దెకిస్తాను. నా పేరు మీద ఉన్న లైనే అందరికీ ఇస్తున్నాను. నా ప్రశ్న వేరే. ఎవరు ఎన్ని జీబీ వాడారో లెక్క తీసి ఆ ప్రకారం వసూలు చేయొచ్చా?

లక్ష్మీ_ఐటి:
అది వేరే చర్చ అవుతుందండీ, క్లుప్తంగా చెబుతాను. గదికో నెట్‌వర్క్ చేస్తే గది వాడకం లెక్క దానంతటదే వస్తుంది. కానీ ఇళ్లకిచ్చే కనెక్షన్లలో చాలావాటికి తిరిగి అమ్మకూడదన్న షరతు ఉంటుంది. మీ ఒప్పందం ఒకసారి చదవండి. లైను మీ పేరు మీద ఉంటే, అందులోంచి ఎవరేం చేసినా మొదట అడిగేది మిమ్మల్నే. అందుకైనా పాస్‌వర్డ్ గదికొకటి ఉండాలి.

మేడగది గారికి: పాస్‌వర్డ్ వేరు చేయడానికి రెండు దారులున్నాయి. గెస్ట్ నెట్‌వర్క్‌తో మీ పని జరగదు. మామూలు రౌటర్లలో అది ఒకటే ఉంటుంది, మీకు నాలుగు కావాలి.

మొదటి దారి, ఒకే వైఫై పేరు, లోపల నాలుగు పాస్‌వర్డ్‌లు. రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌వర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఇది కుదురుతుంది. ఏ పాస్‌వర్డ్‌తో వచ్చారన్నదాన్ని బట్టి ఆ గది నెట్‌వర్క్‌లోకి పంపిస్తుంది. `/etc/config/wireless`లో ఒక్కో గదికి ఇలా:

```
config wifi-vlan
    option name 'g1'
    option vid '11'
    option network 'gadi1'

config wifi-station
    option key 'modati-gadi-password'
    option vid '11'
```

`gadi1` అనే నెట్‌వర్క్‌ని ముందే తయారుచేసి, దానికి అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ, ఫైర్‌వాల్ జోన్ ఇచ్చి ఉండాలి. ఎవరైనా ఖాళీ చేస్తే వాళ్ల `key` ఒక్కటి మారుస్తారు, మిగతా గదులకి తెలియను కూడా తెలియదు.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఇది వైఫై భద్రతా పద్ధతుల్లో డబ్ల్యుపీఏ2లోనే సాఫీగా నడుస్తుంది. అందులో ఫోన్ కలిసేటప్పుడు పంపిన సంతకాన్ని రౌటర్ తన దగ్గరున్న పాస్‌వర్డ్‌లతో ఒక్కొక్కటిగా సరిచూసుకోగలదు. డబ్ల్యుపీఏ3లో ఏ పాస్‌వర్డో మొదటే తెలిసి ఉండాలి, కాబట్టి ఈ సరిచూసుకోవడం కుదరదు. వైఫైని డబ్ల్యుపీఏ3కి మార్చి, ఒక గదివాళ్లకి కలుస్తోంది, మిగతావాళ్లకి పాస్‌వర్డ్ తప్పంటోంది అని వస్తే ముందు ఇదే చూడాలి.

రెండో దారి గదికో చిన్న రౌటర్. కేబుల్ లాగగలిగితే నేను అదే ఎంచుకుంటాను. ఎందుకో వైర్‌మాన్ గారు స్పీడు గురించి రాస్తే తెలుస్తుంది.

వైర్‌మాన్:
సరే, స్పీడు. ఓపెన్‌వర్ట్‌లో ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ ఉంది, అందులో కేక్ అనే పద్ధతి ఎంచుకోవాలి. అది చేసే పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. లైను అసలు వేగం కంటే కొంచెం తక్కువలో గీత గీసి, వరుసని కంపెనీ పెట్టెలో కాకుండా తన చేతిలోకి తెచ్చుకుంటుంది. ఆ వరుసలో ఎవరి వంతు ఎప్పుడో తనే నిర్ణయిస్తుంది.

మేడగది గారి లైనుకి అంకెలు వేద్దాం. సాయంత్రం రద్దీలో కేబుల్ మీద నాలుగైదుసార్లు కొలవండి. 94, 19 స్థిరంగా వస్తున్నాయనుకుందాం. అందులో తొంభై శాతం దగ్గర మొదలుపెట్టి, డౌన్‌లోడ్ 85, అప్‌లోడ్ 17 పెట్టండి. కొలిచినప్పుడు 70కి పడిపోతుంటే 85 పెట్టి లాభం లేదు. గీత లైను కంటే పైన ఉంటే వరుస మళ్లీ బయట పేరుకుంటుంది. `/etc/config/sqm`లో:

```
config queue
    option enabled '1'
    option interface 'pppoe-wan'
    option download '85000'
    option upload '17000'
    option qdisc 'cake'
    option script 'piece_of_cake.qos'
    option qdisc_advanced '1'
    option qdisc_really_really_advanced '1'
    option iqdisc_opts 'nat dual-dsthost ingress'
    option eqdisc_opts 'nat dual-srchost'
```

మీది పీపీపీఓఈ, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్ కాకపోతే `pppoe-wan` బదులు మీ వ్యాన్ పోర్టు, అంటే బయటి లైను వచ్చే పోర్టు పేరు రాయాలి.

చివరి రెండు వరుసలే ఇక్కడ ముఖ్యం. అవి లేకపోతే ఇంట్లో ఎవరు ఎంత లాగుతున్నారో కేక్‌కి తెలియదు, ఎక్కువ కనెక్షన్లు తెరిచినవాడికే ఎక్కువ పోవచ్చు. టొరెంట్ పెట్టినవాడు ముప్పై కనెక్షన్లు తెరుస్తాడు, మీ కాల్‌కి ఒకటో రెండో ఉంటాయి. `dual-` అని ఇస్తే ముందు మనుషుల మధ్య, అంటే ఐపీ అడ్రస్‌ల మధ్య పంచి, ఆ తర్వాతే వాళ్ల కనెక్షన్ల మధ్య పంచుతుంది. `nat` మర్చిపోవద్దు. వ్యాన్ వైపు నుంచి చూస్తే ఇల్లంతా ఒకటే అడ్రస్. ఆ మాట రాస్తేనే లోపలి అడ్రస్‌లు దానికి కనిపిస్తాయి.

నాలుగు అడ్రస్‌లు ఒకేసారి గట్టిగా లాగితే ఒక్కోదానికి 21 చొప్పున. ఒకరు 5 మాత్రమే వాడుతుంటే మిగిలిన 80 ముగ్గురికి, దాదాపు 27 చొప్పున. ఒక్కరే ఉంటే మొత్తం 85. ఎవరి లిమిటూ ఎవరూ మార్చనక్కర్లేదు.

సుధ_పి:
ఒక్క నిమిషం. ఐపీ అడ్రస్‌కి వంతు అన్నారు. నాకు ఫోన్ ఒకటే, పక్క గదిలో ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ, ట్యాబ్ ఉన్నాయి. అంటే వాళ్లకి నాలుగు వంతులా? ఇదేం సమానం?

వైర్‌మాన్:
అసలు ప్రశ్న అడిగారు సుధ గారూ. అవును, నాలుగూ ఒకేసారి లాగితే నాలుగు వంతులే. లక్ష్మి గారి మొదటి దారిలో గదికో నెట్‌వర్క్ ఉన్నా కేక్ చూసేది అడ్రస్‌నే, నెట్‌వర్క్‌ని కాదు. ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్‌లు ఆన్‌లో ఉంటే ఒకే ఫోన్‌కి రెండు మూడు అడ్రస్‌లు ఉండి లెక్క ఇంకా చెదురుతుంది.

అందుకే గదికో రౌటర్. గది రౌటర్ వెనక పది పరికరాలున్నా, పెద్ద రౌటర్‌కి కనిపించేది గది రౌటర్ వ్యాన్ అడ్రస్ ఒక్కటే. ఒక గది, ఒక అడ్రస్, ఒక వంతు. పాస్‌వర్డ్ సంగతీ దీంతోనే తీరిపోతుంది, ఎవరి రౌటర్‌కి వాళ్లే పెట్టుకుంటారు. గది రౌటర్ మామూలుది చాలు, ఓపెన్‌వర్ట్ అక్కర్లేదు. మధ్యలో ఉన్న ఒక్కటే మంచిది కావాలి. గది రౌటర్లలో ఐపీవీ6 ఆపి ఉంచితే ఈ లెక్క శుభ్రంగా ఉంటుంది.

లక్ష్మీ_ఐటి:
ఈ పద్ధతిలో ఇళ్లల్లో పదేపదే జరిగే తప్పు ఒకటి చెబుతాను. గది రౌటర్‌లో కేబుల్‌ని వ్యాన్ పోర్టులో కాకుండా పక్కనున్న ల్యాన్ పోర్టులో గుచ్చుతారు. ఆ గదిలో నెట్ బాగానే వస్తున్నట్టుంటుంది. కానీ ఆ రౌటర్ ఇల్లంతటికీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. ఎవరి రౌటర్ రీస్టార్ట్ అయితే వాళ్లకి నెట్ పోతుంది, కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. నెట్ పోయిన గది రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రస్ చూడండి. పెద్ద రౌటర్ ఇచ్చే వరుసలోది కాకుండా వేరే వరుసలోది ఉంటే కారణం ఇదే. పెద్ద రౌటర్‌లో ఒక్కో పోర్టునీ వేరే నెట్‌వర్క్‌గా విడగొడితే, ఒక గదిలో తప్పు గుచ్చినా రెండో గది దాకా రాదు.

ఇంకోటి, చాలా రౌటర్లు పెట్టెలోంచి తీయగానే 192.168.1.1 లేదా 192.168.0.1 మీదే ఉంటాయి. పెద్దదీ, గదిదీ ఒకే వరుసలో ఉంటే గదిలో నెట్ రాదు. గదులకి 192.168.11.1, 192.168.12.1 అని వరుసగా మార్చేయండి.

గేమర్_నాని:
రౌటర్ వెనక రౌటర్ అంటే డబుల్ న్యాట్, అంటే అడ్రస్ రెండుసార్లు మారుతుంది కదా అన్నా. గేమ్‌లో న్యాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తుంది. వాయిస్ చాట్ కలవదు.

వైర్‌మాన్:
రావచ్చు. కంపెనీ ఇచ్చిన పెట్టె కూడా రౌటరే అయితే ట్రిపుల్ అవుతుంది. కంపెనీ వాళ్లని అడిగి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకుంటే ఒక పొర తగ్గుతుంది. పెద్ద రౌటర్ నుంచి గేమ్ ఆడే గదికి ఒక పోర్ట్ ఫార్వర్డ్, గది రౌటర్‌లో మరొకటి పెడితే చాలా ఆటలకి సరిపోతుంది. కంపెనీయే మీకు సొంత పబ్లిక్ అడ్రస్ ఇవ్వకుండా వందల మందిని ఒకే అడ్రస్ వెనక పెట్టి ఉంటే మాత్రం ఇంట్లో ఎన్ని పోర్ట్ ఫార్వర్డ్‌లు పెట్టినా లాభం ఉండదు.

మేడగది:
మూడు గదులకి కేబుల్ లాగొచ్చు. మేడ మీద నా గదికే కష్టం. ఉన్న పాత రౌటర్‌లో ఓపెన్‌వర్ట్ పడింది, కేక్ పెట్టాను. అప్‌లోడ్ పెట్టి పింగ్ చూస్తే 700 కాస్తా 25 లోపు వచ్చింది! కానీ డౌన్‌లోడ్ 85 పెట్టినా 52 దాటడం లేదు. లైను పాడైందా?

వైర్‌మాన్:
లైను కాదు, రౌటర్ ప్రాసెసర్. ఎస్‌క్యూఎం పెడితే ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసరే ముట్టుకోవాలి, హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ అనే దగ్గరి దారి పనికిరాదు. డౌన్‌లోడ్ నడుస్తుండగా రౌటర్లోకి ఎస్ఎస్‌హెచ్ చేసి `top` కొట్టండి. పైన `sirq` పక్కన అంకె తొంభైలు దాటుతుంటే, లేదా `idle` సున్నాకి వస్తుంటే ఆ పెట్టె అంతే. కొత్తది కొనేదాకా 45 పెట్టి వాడుకోండి. కాల్‌కి కావలసింది ఆలస్యం లేకపోవడం, అది 45లోనూ దొరుకుతుంది.

మేడ గది వైఫై సంగతి వేరు. కేక్ లైనుని పంచుతుంది, గాలిని కాదు. మీ సిగ్నల్ బలహీనంగా ఉంటే అదే ఫైలుకి మీ ఫోన్ గాల్లో ఎక్కువసేపు మాట్లాడాలి, ఆ సమయమంతా మిగతావాళ్లూ ఆగాలి. గది రౌటర్లు పెట్టేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మూడే. నాలుగు రౌటర్లంటే రెండు ఒకే ఛానల్లో కూర్చోక తప్పదు. కుదిరినంతవరకూ 5 గిగాహెర్ట్జ్ వాడి, దూరంగా ఉన్న రెండు గదులకి ఒకే 2.4 ఛానల్ ఇవ్వండి.

సుధ_పి:
పెద్ద రౌటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుంది? ఆ మనిషికి నేనేం చూస్తున్నానో తెలుస్తుందా?

లక్ష్మీ_ఐటి:
ఏ సైట్‌కి వెళ్లారో తెలుసుకునే అవకాశం ఉందండీ, సైట్ పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్ఎస్‌ని ఫోన్ అడిగినప్పుడల్లా పేరు కనబడుతుంది. https ఉన్నచోట లోపల ఏం చదివారో, ఏం రాశారో కనబడదు. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకుంటే మొదటిది కూడా బాగా తగ్గుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఒకరే ఉంటే వాళ్లు ఊరెళ్లినప్పుడు ఇల్లంతా ఇబ్బంది పడుతుంది.

మేడగది:
ఇప్పుడు ఇంట్లో కొత్త పేచీ మొదలైంది. నాలుగో గదిలో ఇద్దరున్నారు, బిల్లులో రెండు వాటాలు కడుతున్నారు. గదికో వంతు అంటే మాకు సగమేనా అని అడుగుతున్నారు. న్యాయమే కదా?

వైర్‌మాన్:
న్యాయమే. కేక్‌లో ఒకరికి ఒకటి, ఇంకొకరికి రెండు అని బరువు పెట్టే వీలు లేదు. అందరికీ సమానమే. సులువైన మార్గం, వాళ్ల గదికి రెండు కేబుళ్లు లేదా ఒక చిన్న స్విచ్ ఇచ్చి, ఇద్దరికీ చెరో రౌటర్ పెట్టడం. అప్పుడు అయిదు అడ్రస్‌లు, 85లో తలకి 17.

రౌటర్ పెంచకూడదనుకుంటే కేక్ వదిలి హెచ్‌టీబీ అనే ఇంకో పద్ధతికి వెళ్లాలి. అందులో గదికి హామీ ఒకటి, పైకప్పు ఒకటి రాస్తారు. ఒంటరి గదులకి హామీ 17, ఇద్దరున్న గదికి 34, పైకప్పు అందరికీ 85. మిగులు ఉంటే హామీల నిష్పత్తిలో పంచుకుంటారు. అప్‌లోడ్‌కి కూడా ఇలాగే విడిగా రాయాలి. ఒక్కో గది కింద వరుస పేరుకోకుండా చూసే ఎఫ్‌క్యూ కోడెల్ తగిలించకపోతే ఆ గది లోపల పింగ్ మళ్లీ పెరుగుతుంది. రాసేది ఎక్కువ. ఎవరైనా ఖాళీ చేసినప్పుడల్లా అంకెలు మార్చాలి.

ఇంటిఓనర్:
నేనైతే గదికే వంతు ఇస్తాను. తలకి ఇస్తే చుట్టాలొచ్చి నెల రోజులున్నా వంతు అడుగుతారు.

లక్ష్మీ_ఐటి:
చుట్టాలు బిల్లు కట్టరు కదండీ. ఎన్ని వాటాలు కడితే అన్ని వంతులు. మేడగది గారు నాలుగో గదివాళ్లకి రెండో రౌటర్ పెడితే సరిపోతుంది.

మేడగది:
వాళ్లకి రెండో రౌటర్ ఎవరు కొనాలన్నది ఇంకా తేలలేదు. ముందుగా ఈ ఆదివారం మూడు గదులకి కేబుల్ లాగుతున్నాం. అప్పటిదాకా 45, 17తో నడుపుతాను. మేడకి కేబుల్ బయట గోడ మీదుగా తెస్తే వానకి ఏమవుతుందో తెలిసినవాళ్లుంటే చెప్పండి.

వైర్‌మాన్:
ఇంట్లో వాడే మామూలు క్యాట్6 ఎండకి పెళుసుబారి చీలుతుంది, ఆ చీలికల్లోంచి నీళ్లు దిగుతాయి. ఎండకి తట్టుకునే నల్ల తొడుగున్న అవుట్‌డోర్ కేబుల్ తీసుకోండి. గోడలోకి వచ్చేచోట కేబుల్‌ని కొంచెం కిందకి వంచి, అక్కడి నుంచి పైకి లోపలికి తేండి, నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి.